అరవై ఆరు కొలతల్లో ఆ రెండు

1882 వేసవిలో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకాంబ్ కాంతి వేగాన్ని కొలిచే ప్రయత్నం చేశాడు. పొటోమాక్ నదికి ఒక పక్క ఫోర్ట్ మయర్‌లో వేగంగా తిరిగే అద్దం పెట్టాడు. ఆవలి పక్క వాషింగ్టన్ స్మారక స్తంభం అడుగున కదలని అద్దం ఉంది. కాంతి అక్కడిదాకా వెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. పట్టే సమయం దాదాపు 24,800 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఈ ప్రయోగంలోని 66 కొలతలను గణాంక శాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ వాడుతుంటారు. రాయడం తేలికగా ఉంటుందని ప్రతి కొలతనూ 24,800 కన్నా ఎంత ఎక్కువో, ఎంత తక్కువో ఆ తేడాగానే చూపిస్తారు. 64 కొలతలు 16కీ 40కీ మధ్యనే ఉన్నాయి. మిగిలిన రెంటిలో ఒకటి −2, మరొకటి −44.

ఇలాంటి కొలతలను రెండు ప్రశ్నలు అడగవచ్చు. అసలు విలువ ఎంత అనేది మొదటిది. దీనికి సగటుతో జవాబు చెబుతాం. ఒక కొలతకూ మరో కొలతకూ మధ్య ఎంత చెదురు ఉంటుంది, అంటే ఈ పరికరాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అనేది రెండోది. దీనికి జవాబు చెప్పేది వేరియన్స్: ప్రతి కొలతా సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, కూడి, కొలతల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తే వచ్చేది. న్యూకాంబ్ 66 కొలతల సగటు 26.2. వర్గాల మొత్తం సుమారు 7,505. దాన్ని 65తో భాగిస్తే వేరియన్స్ 115.5 వస్తుంది. దాని వర్గమూలం, అంటే ప్రామాణిక విచలనం, 10.7 నానోసెకన్లు.

అయితే ఇది ఈ 66 కొలతలకు వచ్చిన లెక్క మాత్రమే. ఇదే పరికరంతో లెక్కలేనన్నిసార్లు కొలిస్తే తేలే అసలు వేరియన్స్ ఎంతో మనకు తెలియదు. అది ఫలానా సంఖ్యకూ ఫలానా సంఖ్యకూ మధ్య ఉంటుందని చెప్పే అవధినే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అంటారు. 95 శాతం అవధి అంటే, ఇదే పద్ధతిలో మళ్ళీ మళ్ళీ కొలిచి లెక్కించిన ప్రతి నూరు అవధుల్లో సుమారు 95 అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయని.

వేరియన్స్‌కు ఈ అవధి కట్టడానికి పాఠ్యపుస్తకాలు చెప్పే దారి కై-స్క్వేర్ డిస్ట్రిబ్యూషన్. గంట ఆకారపు నార్మల్ డిస్ట్రిబ్యూషన్ నుంచి, సగటు సున్నా, వేరియన్స్ ఒకటి ఉండేట్టు, 65 సంఖ్యలను విడివిడిగా తీసి, వాటి వర్గాలను కూడామనుకోండి. ఈ పని ఎన్నిసార్లు చేస్తే అన్ని రకాల మొత్తాలు వస్తాయి. అవి పరుచుకునే తీరే 65 స్వేచ్ఛాంశాల కై-స్క్వేర్. వాటి సగటు 65. నూటికి 95 సార్లు మొత్తం 44.6కీ 89.2కీ మధ్య పడుతుంది. కొలతలు నార్మల్ అయితే, సగటు నుంచి దూరాల వర్గాల మొత్తాన్ని అసలు వేరియన్స్‌తో భాగించినప్పుడు వచ్చే సంఖ్య సరిగ్గా ఇదే తీరులో నడుస్తుంది. కొలతలు 66 ఉన్నా ఒకటి తగ్గడానికి కారణం, దూరాలను కొలిచింది ఆ కొలతల సొంత సగటు నుంచే కావడం. ఆ సంబంధాన్ని తిరగేస్తే అవధి వచ్చేస్తుంది:

(n − 1)s² / 89.2 < σ² < (n − 1)s² / 44.6

7,505ను ఈ రెంటితో భాగిస్తే 84, 168 వస్తాయి. ప్రామాణిక విచలనంగా చెబితే 9.2 నుంచి 13.0 దాకా. 115.5 ఈ అవధికి నట్టనడుమ లేదు. కిందికి 31, పైకి 53 దూరం ఉంది. కై-స్క్వేర్ కుడివైపుకు సాగి ఉంటుంది గనుక ఈ అసమానత సహజమే, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు −44, −2 రెంటినీ పక్కన పెట్టి మిగిలిన 64 కొలతలతో అదే లెక్క మళ్ళీ చేద్దాం. వేరియన్స్ 25.8కి పడిపోతుంది. అవధి 18.7 నుంచి 37.9 దాకా. ప్రామాణిక విచలనంలో 4.3 నుంచి 6.2. మొదటి అవధి 9.2 దగ్గర మొదలైతే రెండోది 6.2కే ముగిసిపోయింది. రెంటికీ మధ్య ఖాళీ ఉంది. అదే పరికరం, అదే మనిషి, 64 కొలతలు రెండు లెక్కల్లోనూ ఉన్నవే. అయినా రెండు 95 శాతం అవధులు ఒకదాన్నొకటి కాదంటున్నాయి.

సగటు విషయంలో ఇలా జరగలేదు. 66 కొలతలతో సగటుకు అవధి 23.6 నుంచి 28.9 దాకా ఉంటే, 64 కొలతలతో 26.5 నుంచి 29.0 దాకా ఉంది. మొదటిది వెడల్పుగా ఉంది, రెండోది ఇరుకుగా ఉంది, కానీ రెండూ ఒకే చోటును చూపిస్తున్నాయి. (ఈనాటి కాంతి వేగం ప్రకారం ఇక్కడ రావలసిన విలువ 33. రెండు అవధులూ దాన్ని అందుకోలేదు. ప్రయోగమంతటా ఒకే వైపు లాగే దోషం ఏదో ఉంటే, కొలతల చెదురును ఎంత చూసినా అది బయటపడదు.)

సగటు ఎందుకు నిలదొక్కుకుంది, వేరియన్స్ ఎందుకు కూలింది? వర్గం చేయడం మొదటి కారణం. −44 సగటుకు 70 దూరంలో ఉంది, దాని వర్గం సుమారు 4,930. మొత్తం 7,505లో మూడింట రెండు వంతులు ఆ ఒక్క కొలతదే. −2 వాటా కూడా కలిపితే నాలుగింట మూడు వంతులు దాటుతుంది. అంటే 66 కొలతల వేరియన్స్ అని మనం చెప్పుకున్నది నిజానికి రెండు కొలతల కథ.

ఇంతకన్నా లోతైన కారణం కై-స్క్వేర్‌లోనే ఉంది. ఒక్క నార్మల్ సంఖ్య వర్గం తనంతట తాను ఎంత చెదురుతుందో లెక్కేస్తే దాని వేరియన్స్ సరిగ్గా 2. కై-స్క్వేర్ పట్టికల్లోని అవధుల వెడల్పంతా ఈ 2 మీదే నిలబడి ఉంది. ఈ 2 నార్మల్ కర్టోసిస్ అయిన 3 నుంచి ఒకటి తీసేస్తే వచ్చింది. తోకలు ఎంత బరువుగా ఉన్నాయో, అంటే విపరీతమైన విలువలు ఎంత తరచుగా వస్తాయో చెప్పే కొలతే కర్టోసిస్. తోకలు బరువెక్కితే 3 కాస్తా 6, 9 అవుతుంది. అప్పుడు 2 స్థానంలో 5, 8 ఉండాలి. కానీ సూత్రానికి ఆ సంగతి తెలియదు. అది మన దత్తాంశాన్ని ఒక్క s² ద్వారానే చూస్తుంది. ఆ s²ను ఎంత నమ్మవచ్చో మాత్రం దత్తాంశాన్ని అడగదు, నార్మల్‌నే అడుగుతుంది. సగటు అవధి అలా కాదు. తన వెడల్పును దత్తాంశంలోని చెదురు నుంచే తీసుకుంటుంది.

న్యూకాంబ్ 66 కొలతల కర్టోసిస్ సుమారు 29. అందులో ఒకటి తీసేస్తే 28. అది 2కు 14 రెట్లు. వర్గమూలం తీస్తే, s²లోని అనిశ్చితి కై-స్క్వేర్ చెప్పినదానికి దాదాపు నాలుగు రెట్లు. ఆ లెక్కన లాగరిథమ్ మీద సుమారుగా అవధి కడితే ప్రామాణిక విచలనం దాదాపు 6 నుంచి 20 దాకా వస్తుంది. 9.2 నుంచి 13.0 అన్నప్పుడు కనిపించిన కచ్చితత్వం అసలు లేనేలేదు.

కొలతలు పెంచితే సరిపోతుందనుకుంటారు చాలామంది. సగటు విషయంలో అది చాలావరకు నిజం. కొలతలు పెరిగేకొద్దీ సగటు ప్రవర్తన నార్మల్‌కు దగ్గరపడుతుంది. వేరియన్స్ అవధికి ఆ ఊరట లేదు. 2 ఉండవలసిన చోట 8 ఉంటే, కొలతలు వెయ్యి అయినా లక్ష అయినా అది 8గానే ఉంటుంది. బల్బు ఆయుష్షు వంటి వాటికి వాడే ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ కర్టోసిస్ 9. దాని మీద కై-స్క్వేర్ వేసిన ‘95 శాతం’ అవధి, కొలతలు ఎంత పెంచినా, చివరికి నూటికి 67 సార్లే అసలు విలువను పట్టుకుంటుంది. తోకలే లేని యూనిఫాం డిస్ట్రిబ్యూషన్‌లో కర్టోసిస్ 1.8. అక్కడ తప్పు ఎదురు దిక్కున జరుగుతుంది. అవధి అనవసరంగా వెడల్పై 99.8 శాతం సార్లు పట్టుకుంటుంది. నా దృష్టిలో ఈ పద్ధతి గురించి అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. కానీ పాఠాల్లో సూత్రం తర్వాత ‘దత్తాంశం నార్మల్ అయితే’ అనే ఒక్క మాటతో దీన్ని దాటేస్తారు.

వేరియన్స్‌కు ఈ డిస్ట్రిబ్యూషన్‌ను 1876లో రాబట్టినది జర్మనీకి చెందిన ఫ్రీడ్రిచ్ హెల్మెర్ట్. ఆయన భూమిని కొలిచే శాస్త్రంలో నిపుణుడు. కొలతల్లోని తప్పులు నార్మల్‌గా ఉంటాయనడం ఆ రంగంలో పాతుకుపోయిన నమ్మకం. 1953లో జార్జ్ బాక్స్ వేరియన్స్‌ల మీద చేసే పరీక్షలు నార్మల్ కాని దత్తాంశంతో ఎంత ఘోరంగా దెబ్బతింటాయో చూపించాడు. ‘రోబస్ట్’ అనే మాట గణాంక శాస్త్రంలో ఈ అర్థంతో అడుగుపెట్టింది ఆ వ్యాసంతోనే. నాకు ఆసక్తికరంగా తోచేది మరొకటి. బాక్స్ కన్నా చాలా ముందే, 1886లో, న్యూకాంబ్ స్వయంగా ఒక వ్యాసం రాశాడు. నిజమైన కొలతల తప్పులకు ఒకే నార్మల్ సరిపోదని, వేర్వేరు కచ్చితత్వాలున్న నార్మల్‌ల మిశ్రమంగా వాటిని చూడాలని అందులో ప్రతిపాదించాడు.

మరి ఏం చేయాలి? ముందుగా నార్మల్ క్వాంటైల్ ప్లాట్ గీసి చూడాలి. కొలతలను వరసలో పేర్చి, నార్మల్ అయితే ఎక్కడ ఉండాలో దానికి ఎదురుగా చుక్కలు పెడతారు. 64 కొలతలు దాదాపు ఒక గీత మీద నిలుస్తాయి, ఆ రెండూ గీతకు ఎంతో కింద కనిపిస్తాయి. తర్వాత ఒక్కో కొలతనూ తీసేసి వేరియన్స్ మళ్ళీ లెక్కించాలి. −44 ఒక్కటి తీస్తేనే 115.5 కాస్తా 39 అవుతుంది. ఇంత తేడా వచ్చిందంటే కై-స్క్వేర్ పట్టిక తెరవకూడదు. కర్టోసిస్‌ను దత్తాంశం నుంచే అంచనా వేసి వెడల్పు సరిచేసే పద్ధతులు ఉన్నాయి. డగ్లస్ బోనెట్ 2006లో ప్రతిపాదించినది అలాంటిదే. కొలతలను మళ్ళీ మళ్ళీ ఎంచి లెక్కించే బూట్‌స్ట్రాప్ కూడా ఉంది. కొలతల్లో కనిపించని తోకను మాత్రం ఇవేవీ చూపలేవు.

ఆ పరిమితి చిన్న నమూనాల్లో గట్టిగా తగులుతుంది. పది కొలతలే ఉంటే, వాటి నుంచి లెక్కించిన కర్టోసిస్ 8.1 దాటడం అంకగణితం ప్రకారమే అసాధ్యం, అసలు కర్టోసిస్ 29 అయినా సరే. న్యూకాంబ్ 66 కొలతల్లోంచి గుడ్డిగా పది తీస్తే, ఆ రెండూ అందులో లేకపోవడమే ఎక్కువగా జరుగుతుంది, నూటికి 72 సార్లు. అప్పుడు ప్లాట్ చక్కగా కనిపిస్తుంది, నార్మల్ పరీక్షకు దొరికేదీ ఏమీ ఉండదు, కై-స్క్వేర్ అవధి సన్నగా, ధీమాగా వస్తుంది. ఫ్యాక్టరీలో పది ప్యాకెట్లు తూచి యంత్రం నిలకడను లెక్కించే ఇంజినీరు ఉన్నది ఇదే స్థితిలో. తోకల సంగతి ఆ పది ప్యాకెట్లు చెప్పలేవు గనుక, అదే యంత్రం మీద గత నెలల్లో తూచిన వందల ప్యాకెట్ల రికార్డు తెరిచి కర్టోసిస్ అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఆ రికార్డు లేకపోతే, అవధి పక్కన ‘నార్మల్ అనుకుని కట్టినది’ అని రాసిపెట్టాలి.