ఒకే గేమ్, దేశానికో ధర

స్టీమ్ స్టోర్‌లో ఏ దేశంలో గేమ్ ఎంతకు అమ్మాలో తేల్చేది పబ్లిషరే. అక్కడి జనం కొనగలిగే స్తోమత, పన్నులు, కరెన్సీ చూసి ధర వేస్తారు. అర్జెంటీనా పెసో, టర్కీ లీరా పడిపోతున్నా గేముల ధరలు అంత వేగంగా పెరగలేదు. ఇంకేముంది, బయటివాళ్లు వీపీఎన్ పెట్టుకుని అక్కడి అకౌంట్లకు ఎగబడ్డారు. 2023 నవంబరులో స్టీమ్ ఆ రెండు దేశాల్లోనూ డాలర్ ధరలు తెచ్చింది. దెబ్బ తగిలింది మాత్రం అక్కడి కుర్రాళ్లకే!

అకౌంట్ దేశం మార్చాలంటే ఆ దేశపు చెల్లింపు పద్ధతితోనే ఏదైనా కొనాలి. వీపీఎన్‌తో ఊరు దాచడం నిబంధనలకు విరుద్ధం. అకౌంట్‌పై ఆంక్షలు పడితే ఏళ్ల తరబడి కొన్న గేములన్నీ చిక్కులో పడతాయి. చదువుకో, ఉద్యోగానికో అమెరికా వెళ్లి నిజంగా అక్కడే ఉంటున్నవాళ్లు మాత్రం నిశ్చింతగా మార్చుకోవచ్చు.