బల్లలో ఏటికి రెజిన్ ఎంత?

చింతచెక్క పలకలు రెండింటి నడుమ ఎపాక్సీ రెజిన్ పోసి చేసే ‘నది బల్ల’కు సరుకు ఖరీదెక్కువ. తక్కువపడి మళ్ళీ తెప్పించేలోగా మొదటి పోత గట్టిపడితే, గరుకు కాగితంతో రుద్దనిదే రెండోది పట్టదు.

అయిదడుగుల బల్ల, అంటే సుమారు 150 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. చెక్క అంచు వంకరటింకర కనుక ఏటి వెడల్పును ఆరు చోట్ల కొలిచి సగటు కట్టాలి. అది 20, లోతు 4 సెంటీమీటర్లయితే, మూడింటినీ హెచ్చవేస్తే 12,000 ఘన సెంటీమీటర్లు, 12 లీటర్లన్నమాట. గిన్నెకు అంటుకునేది, చెక్క పగుళ్ళు తాగేది కలిపి నూటికి పది అదనం వేస్తే 13.2 లీటర్లు. తూకానికి కొనేవారికి ఇది సుమారు పద్నాలుగున్నర కిలోలు.

లెక్క మీద నమ్మకం కుదరకుంటే కొర్రలున్నాయి. ఏటిలో అంచుదాకా పోసి, తీసి, లీటరు డబ్బాతో కొలిస్తే సరి. నీళ్ళు మాత్రం పోయరాదు. తడి చెక్కకు రెజిన్ సరిగా పట్టదు.

అనంతపురం ఎండలో ఇంకో చిక్కు. గట్టిపరచే ద్రవం కలిపిన రెజిన్ తనంతట తానే కాగుతుంది. గిన్నెలో పొగ లేచిందంటే అది పనికిరాదు. డబ్బా మీద ఒక పోతకు 2 సెంటీమీటర్లని ఉంటే, చల్లటి వేళ రెండు విడతలుగా పోయాలి. మొదటిది చల్లారి, ఇంకా జిగటగా ఉండగానే రెండోది కలుపుకోవాలి.