15 వేల సైకిల్లో డబ్బు ఎక్కడుంది?

మా మేనల్లుడు మొన్న సైకిల్ కొంటానన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటి నుంచి ఆఫీసు 7 కిలోమీటర్లు, చేతిలో 15 వేలు. చిన్నప్పుడు ఊళ్లో అద్దె సైకిల్ తొక్కాడు కానీ గేర్ల సైకిల్ ఎక్కలేదు. తోడుగా నేనూ షాపుకు వెళ్లాను.

దాదాపు ఒకే ధరకు రెండు సైకిళ్లు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది చూడగానే బైకులా ఉంది. లావుపాటి గొట్టాలు, ముందు షాకబ్జార్బర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. రెండోది బక్కగా ఉంది. షాకులు లేవు, డిస్కులు లేవు, గేర్లు 7. "మామయ్యా, అదే డబ్బుకు ఇందులో అన్నీ ఉన్నాయి కదా, దాన్నెవరు కొంటారు?" అన్నాడు వాడు.

వాడి ప్రశ్నలోనే జవాబుంది. రెండింటి ధరా ఒకటే అయినప్పుడు, మొదటిదానిలో ఆ డబ్బును ఎక్కువ వస్తువులకు పంచారు. షాకులకు కొంత, డిస్కులకు కొంత, అదనపు గేర్లకు కొంత పోయాక ఫ్రేముకూ, హబ్బులకూ, రిమ్ములకూ మిగిలింది తక్కువ.

ముందు ఫ్రేము చూద్దాం. ఈ ధరలో దొరికేవి రెండే రకాలు, మామూలు ఉక్కు, అల్యూమినియం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళితే ఏది ఏదో క్షణంలో తెలుస్తుంది. ఉక్కుకు అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం బరువు దాదాపు మూడో వంతు, గట్టిదనమూ అంతే తక్కువ. అందుకే ఆ గొట్టాలను లావుగా, గోడ మందంగా చేస్తారు. చివరికి రెండు ఫ్రేములకూ తేడా ఒక కిలో, మహా అయితే కిలోన్నర. మొదటి సైకిల్‌ను ఎత్తి చూస్తే ఇంకా ఎక్కువ తేడా తెలుస్తుంది. ఆ బరువు చాలావరకు ముందు షాకులది. ఈ ధరలో వచ్చే షాకుల ఫోర్కు రెండు కిలోల పైనే తూగుతుంది, మామూలు ఫోర్కు అందులో సగం. లోపల ఉండేది స్ప్రింగు మాత్రమే, కుదుపును అణిచే నూనె ఏర్పాటు ఉండదు. తొక్కేటప్పుడు మన కాలిబలంలో కొంత ఆ స్ప్రింగును ఊపడానికే పోతుంది. ఫ్రేము మీద అల్యూమినియం అని రాసి ఉన్నా ఇలాంటి ఫోర్కు తగిలిస్తే ఆ తేలికదనం దక్కదు.

అలాగని ఉక్కు పనికిరానిదని కాదు. విరిగితే ఊళ్లో వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. అల్యూమినియం పగిలితే ఆ పని మామూలు వెల్డరు చేయలేడు, చేసినా ఆ చోట మొదటి బలం రాదు. పల్లెలో గడ్డిమోపు కట్టుకుని తిరిగే మనిషికి 6, 7 వేల గేర్లు లేని ఉక్కు సైకిలే ఇప్పటికీ సరైనది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల మాత్రం ఉక్కు గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైన రంగు బాగున్నంత మాత్రాన నమ్మకూడదు. కార్బన్ ఫ్రేములు లక్ష పైమాట, కొత్తవారు వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇక గేర్లు. పెడళ్ల దగ్గర 3 పళ్ల చక్రాలు, వెనక 7, మొత్తం 21 అని లెక్కకడతారు. నిజంగా ఎన్నో చూద్దాం. సాధారణంగా ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా ఉంటాయి. ముందు 42, వెనక 28 మీద చైను ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ముందు 24, వెనక 16 మీద ఉన్నా సరిగ్గా ఒకటిన్నరే. 34ని 20తో భాగించినా, 24ని 14తో భాగించినా దాదాపు 1.7. ఇలా చాలా గేర్లు ఒకదాన్నొకటి పోలినవే. పైగా పెద్దదాని నుంచి పెద్దదానికి, చిన్నదాని నుంచి చిన్నదానికి చైను ఏటవాలుగా సాగి త్వరగా అరుగుతుంది, ఆ జోడీలు వాడకూడదు. అవి తీసేస్తే చేతికి దక్కేవి పన్నెండో పదమూడో.

రెండో సైకిల్లో ముందు 38 పళ్ల చక్రం ఒక్కటే, వెనక 14 నుంచి 34. అంటే 2.7 నుంచి 1.1 దాకా. హైదరాబాద్ ఫ్లైఓవర్లకు ఇది సరిపోతుంది. నిజంగా కొండ ఎక్కేవారికే, శ్రీశైలం ఘాటో అరకు దారో పట్టేవారికే, ముందు ఆ చిన్న చక్రం అవసరం. ముందు గేరు మార్చే యంత్రం లేకపోతే సర్దుబాటు చేయాల్సిన కేబులూ ఒకటి తగ్గుతుంది.

గేర్ల సంఖ్య కన్నా ముఖ్యమైన సంగతి వెనక హబ్బులో ఉంది, షాపులో దాని గురించి ఎవరూ చెప్పరు. చవక సైకిళ్లలో వెనక పళ్ల చక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్, హబ్బు మీద మరతో బిగుస్తుంది. అందువల్ల బేరింగు గుండ్లు లోపలికి జరిగి, ఇరుసు కుడివైపు చాలా దూరం ఆధారం లేకుండా మిగులుతుంది. 85, 90 కిలోల మనిషి గతుకుల్లో రోజూ తొక్కితే ఆ ఇరుసు ముందు వంగుతుంది, తర్వాత విరుగుతుంది. చక్రం పక్కలకు ఊగడం, ఉన్నట్టుండి బ్రేకు రాసుకోవడం దాని గుర్తులు. ఖరీదైన ఏర్పాటు క్యాసెట్. అందులో బేరింగు ఫ్రేము అంచుదాకా వస్తుంది. 8 గేర్ల అల్యూమినియం సైకిల్లో, 25, 30 వేల దగ్గర ఇది దొరకడం మొదలవుతుంది. చక్రాన్ని కదలనీయకుండా పట్టుకుని పళ్లను వెనక్కి తిప్పి చూడండి. గుత్తి మధ్యలో పనిముట్టు దూర్చే గాడుల భాగం పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. బరువైనవారు అదనంగా ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం.

మా వాడు 62 కిలోలే కాబట్టి ఫ్రీవీల్ చాలు.

డిస్క్ బ్రేకుల మాట. వానలో, బురదలో డిస్కు పట్టు మేలే. కానీ ఈ ధరలో వచ్చేది కేబులుతో లాగేది, ఒకవైపు ప్యాడు మాత్రమే కదులుతుంది. రేకు కాస్త వంగినా కీచుమంటూ రాసుకుంటుంది, మాటిమాటికీ సర్దాలి. రిమ్మును రెండువైపులా నొక్కే మామూలు బ్రేకు నగరం రోడ్లకు బాగా ఆగుతుంది, రబ్బర్లు వంద రెండు వందల్లో ఏ షాపులోనైనా మారుస్తారు. ఆ మిగిలిన డబ్బు రెండో సైకిల్లో రెండు గోడల రిమ్ములకు వెళ్లింది. వాల్వు తీసి రంధ్రంలోంచి చూస్తే లోపల మరో అంతస్తు కనిపించింది. గుంటల్లో పడ్డా ఇలాంటి రిమ్ము తొందరగా సొట్టపోదు.

మా వాడు రెండింటినీ వీధి చివరిదాకా తొక్కి చూశాడు, తిరిగొచ్చి బక్కదాన్నే తీసుకున్నాడు. ధర 13 వేల చిల్లర. మిగిలిన దానితో హెల్మెట్, తాళం, వెనక ఎర్రలైటు కొన్నాం. కొత్త సైకిల్ కొన్నవారు నెలలోపు ఒకసారి షాపుకు తీసుకెళ్లాలి. మొదటి వంద కిలోమీటర్లలో కేబుళ్లు సాగుతాయి, చక్రం పుల్లలు వదులవుతాయి. అప్పుడు బిగించుకోకపోతే ఎంత ఖరీదైన సైకిలైనా గేర్లు జారుతాయి.