రెండు పంగలూ ఒకే వరుసలో ఉన్నాయా?

రోటావేటర్ షాఫ్ట్‌కు కొత్త క్రాస్‌లు వేయించిన మర్నాడే ట్రాక్టర్ వెనక గడగడ మొదలైందంటే రైతు ముందుగా క్రాస్‌లనే అనుమానిస్తాడు. నాసిరకం సరుకు అంటగట్టారని షాపువాణ్ణి తిట్టుకుంటాడు కూడా. కానీ అసలు తప్పు షాఫ్ట్‌ను మళ్లీ బిగించిన తీరులో ఉండొచ్చు.

ట్రాక్టర్ పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ నిటారుగా ఉంటే ఆ 540 అలాగే అవతలికి చేరతాయి. క్రాస్ దగ్గర షాఫ్ట్ 30 డిగ్రీలు వంగిందంటే సంగతి మారిపోతుంది. అప్పుడు కూడా మొత్తం చుట్లు 540కి తగ్గవు, పెరగవు. ఒక్కో చుట్టులో మాత్రం వేగం ఒకచోట 468కి పడి, ఇంకోచోట 624కి ఎగబాకుతుంది. చుట్టుకు రెండుసార్లు చొప్పున, సెకనుకు 18 సార్లు ఈ ఊగిసలాట నడుస్తుంది.

దీనికి కారణం చేతిగాజులో కనిపిస్తుంది. గాజును ఎదురుగా పట్టుకుంటే గుండ్రంగా ఉంటుంది, కాస్త వాలిస్తే కోడిగుడ్డులా కనబడుతుంది. క్రాస్‌కున్న నాలుగు కొమ్మల్లో రెండు ఒక షాఫ్ట్ చుట్టూ, రెండు వాలిన రెండో షాఫ్ట్ చుట్టూ తిరగాలి. ఒకదాని గుండ్రం రెండోదానికి కోడిగుడ్డే. అందుకే ఇటు సమంగా తిరిగినా అటు సమంగా రాదు.

దీనికి విరుగుడు రెండో జాయింటే. మొదటిది ఎక్కడ వేగం పెంచిందో రెండోది సరిగ్గా అక్కడ తగ్గించాలి. అలా జరగాలంటే రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి. నడిమి షాఫ్ట్ రెండు కొసలకున్న పంగలు ఒకే వరుసలో నిలవాలి. గ్యారేజీలో చాలామంది పొరబడేది ఈ పంగల దగ్గరే.

కొన్ని షాఫ్ట్‌లలో చదరపు కడ్డీ చదరపు గొట్టంలో జారుతుంది. అది నాలుగు రకాలుగా దూరుతుంది, వాటిలో రెండు తప్పు. పంగలు ఒకదానికొకటి అడ్డంగా పడితే రెండు జాయింట్ల హెచ్చుతగ్గులు కొట్టేసుకోవు సరికదా, ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇందాకటి 30 డిగ్రీల లెక్కలోనే, రోటావేటర్‌కు చేరే వేగం 405 నుంచి 720 దాకా ఊగుతుంది. అంతటి బరువైన యంత్రం సెకనుకు 18 సార్లు వేగం మార్చుకోలేదు, ఆ కుదుపంతా క్రాస్ బేరింగులూ గేర్‌బాక్సూ భరిస్తాయి. కొత్త క్రాస్‌లు త్వరగా అరిగిపోయేది ఇందుకే.

పంగలు సరిగ్గా ఉన్నా నడిమి షాఫ్ట్ మాత్రం ఎప్పుడూ ఊగుతూనే తిరుగుతుంది. చేను చివర మళ్లేటప్పుడు పీటీఓ ఆపకుండా రోటావేటర్‌ను పైకెత్తితే వంపులు పెరుగుతాయి, రెండు చివర్లా సమానంగా కూడా ఉండవు. అప్పుడు వినిపించే కటకట అదే.

తప్పు పట్టుకోవడం తేలికే. ఇంజన్ ఆపి, తాళం తీసేశాక షాఫ్ట్ వెంబడి చూస్తే ఒక కొసన పంగ చెవులు పైకీ కిందికీ ఉన్నప్పుడు రెండో కొసన కూడా అలాగే ఉండాలి. పక్కలకు తిరిగి ఉంటే కడ్డీని బయటికి లాగి, పావు చుట్టు తిప్పి మళ్లీ దూర్చాలి. అనుభవమున్న మెకానిక్ విప్పకముందే కడ్డీ మీదా గొట్టం మీదా పెయింటుతో ఒకే గీత గీసుకుంటాడు.