బోనస్ కట్టారు సరే, గడువు తగ్గిందా?

ఏటా వచ్చే బోనస్‌ను ఇంటి అప్పులో వేస్తే మంచిదని చాలామందికి తెలుసు. ఎంత మంచిదో, ఎలా వేస్తే ఆ మేలు చేతికి దక్కుతుందో చెప్పే మాటల్లోనే అపోహలు ఎక్కువ. లెక్క తేలిగ్గా అర్థమవడానికి ఒకే అప్పును తీసుకుందాం: 40 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఈఎంఐ సుమారు 34,713 రూపాయలు.

అపోహ: 40 లక్షల అప్పులో లక్ష రూపాయలు ఏ మూలకు? నాలుగైదేళ్ల బోనస్‌లు కూడబెట్టి ఒకేసారి కట్టాలి.

వాస్తవం: మొదటి ఏడాది మనం కట్టే ఈఎంఐలో నాలుగింట మూడొంతులకు పైగా వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది నెలకు ఆరేడు వేలే. బోనస్ లక్ష మాత్రం మొత్తంగా అసలులోంచే తగ్గుతుంది. అంటే ఏడాదికి పైగా ఈఎంఐలు కడితే తగ్గేంత అసలు ఒక్కరోజులో తగ్గిపోతుంది. అందుకే మొదటి ఏడాది చివర కట్టిన లక్ష గడువును దాదాపు 14 నెలలు తగ్గిస్తుంది. అదే లక్షను పదేళ్ల తర్వాత కడితే ఆరున్నర నెలలు, పదిహేనేళ్ల తర్వాత కడితే నాలుగు నెలల పైచిలుకు మాత్రమే తగ్గుతుంది. తొందరగా కట్టిన డబ్బుకు వడ్డీని ఆపడానికి ఎక్కువ కాలం దొరుకుతుంది, అంతే. బోనస్‌ను సేవింగ్స్ ఖాతాలో కూడబెడితే ఆ కాలమంతా పోతుంది.

ఈఎంఐ మానకుండా, ప్రతి ఏడాది చివరా లక్ష చొప్పున కడుతూ పోతే ఈ అప్పు 13 ఏళ్లకే తీరిపోతుంది. వడ్డీ రేటు మారకపోతే మొత్తం వడ్డీ 43 లక్షల నుంచి సుమారు 26 లక్షలకు దిగుతుంది.

అపోహ: అదనంగా కట్టగానే బ్యాంకు తనంతట తానే గడువు తగ్గిస్తుంది.

వాస్తవం: అన్నిచోట్లా అలా జరగదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పార్ట్ పేమెంట్ కట్టాక రెండు దారులున్నాయి. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకోవచ్చు, లేదా గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించుకోవచ్చు. మొదటి ఏడాది చివర కట్టిన ఆ ఒక్క లక్షనే చూడండి. గడువు తగ్గించుకుంటే చివరికి ఆదా అయ్యే వడ్డీ సుమారు 3 లక్షల 77 వేలు. ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 885 రూపాయల ఊరట దొరుకుతుంది, కానీ ఆదా అయ్యే వడ్డీ లక్ష దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగం నిలకడగా లేనివారికి, ఇంట్లో ఒక జీతం ఆగిపోయినవారికి ఈఎంఐ తగ్గడమే అవసరం కావచ్చు. మిగతావారు మాత్రం ‘గడువు తగ్గించండి’ అని కట్టేటప్పుడే స్పష్టంగా రాసివ్వాలి.

ఇంకో పొరపాటూ జరుగుతుంటుంది. డబ్బును మామూలుగా రుణఖాతాకు బదిలీ చేస్తే, కొన్నిచోట్ల దాన్ని రాబోయే ఈఎంఐలకు అడ్వాన్సుగా పట్టుకుంటారు. అప్పుడు అసలు వెంటనే తగ్గదు. పనైందో లేదో తెలుసుకోవడానికి మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ గడి చూస్తే చాలు. 8.5 శాతం వద్ద లక్ష అసలు తగ్గితే నెల వడ్డీ సుమారు 708 రూపాయలు తగ్గాలి. తగ్గకపోతే వెంటనే బ్రాంచికి వెళ్లి అడగండి. మిగిలిన నెలలు ఎన్నో చూపే కొత్త చెల్లింపుల పట్టికనూ తీసుకోండి.

అపోహ: ముందే కడితే బ్యాంకు జరిమానా వేస్తుంది.

వాస్తవం: ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై వ్యక్తుల నుంచి బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. ఫిక్స్‌డ్ రేటు రుణాలకు మాత్రం రుసుము ఉండొచ్చు. ఒప్పందం చూసుకోవాలి.

అపోహ: బోనస్ ఎంత వస్తే అంతా అప్పుకే పెట్టాలి.

వాస్తవం: బోనస్‌పై జీతంలాగే ఆదాయపు పన్ను పడుతుంది. చేతికొచ్చేది ఎంతో తేలాకే లెక్క వేసుకోవాలి. క్రెడిట్ కార్డు బాకీ గానీ పర్సనల్ లోన్ గానీ ఉంటే మొదట అవే తీర్చాలి. వాటి వడ్డీ గృహరుణం కంటే చాలా ఎక్కువ. కొన్ని నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. మామూలు గృహరుణంలో ఒకసారి కట్టిన పార్ట్ పేమెంట్‌ను ఆస్పత్రి ఖర్చు వచ్చిందని వెనక్కి తీసుకోలేం. ఆ భయం ఉన్నవారికి కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా గృహరుణం దొరుకుతుంది. అందులో వేసిన మిగులు డబ్బు అక్కడున్నన్నాళ్లూ వడ్డీని తగ్గిస్తుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ రేటు మాత్రం సాధారణంగా కాస్త ఎక్కువ ఉంటుంది. కాబట్టి ఏటా కొద్ది మొత్తమే మిగిలేవారికి అది గిట్టుబాటు కాకపోవచ్చు.