పారాసిటమాల్ గీత ఎందుకు వంగింది?

500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్లలో నిజంగా అంత మందు ఉందా? జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ఏ మందుల కంపెనీ ల్యాబులోనైనా రోజూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. జవాబు చెప్పే పాత పద్ధతుల్లో ఒకటి చాలా సులువు. బిళ్లలను పొడి చేసి, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, వడగట్టి, బాగా పలచబరిచి, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి 257 నానోమీటర్ల వెలుగును పంపుతారు. మందు ఎంత ఎక్కువుంటే వెలుగును అంత మింగేస్తుంది. ఎంత మింగిందో చెప్పే అంకెకే అబ్జార్బెన్స్ అని పేరు.

ఆ అంకెను మందు లెక్కలోకి మార్చడానికి ముందుగా గాఢత తెలిసిన ద్రావణాలు కొన్ని చేసుకుని, వాటి అబ్జార్బెన్స్‌లను గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి, ఒక గీత గీస్తారు. అదే క్యాలిబ్రేషన్. గాఢత రెట్టింపైతే అబ్జార్బెన్స్ కూడా రెట్టింపు కావాలి, గీత సున్నా నుంచి బయల్దేరి నిటారుగా పోవాలి. 18వ శతాబ్దంలో బూగేర్, లాంబర్ట్, ఆ తర్వాత 1852లో బీర్ కలిసి మనకిచ్చిన సూత్రం ఇదే: A = εbc. ఇందులో b అంటే వెలుగు ద్రావణంలో ప్రయాణించే దూరం, c అంటే గాఢత.

సూత్రం నిటారుగానే ఉంటుంది. రిపోర్టులోని చుక్కలే అప్పుడప్పుడు ఉండవు. అవి ఎటు వంగాయో చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. కానీ రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ R² అనే ఒక్క అంకె మీదికే పోతుంది. అది 0.99 దాటితే సంతకం పడిపోతుంది.

ఒక ఉదాహరణను లెక్కగట్టి చూద్దాం. మిల్లీలీటరుకు 5, 10, 15, 20, 25, 30 మైక్రోగ్రాముల చొప్పున ఆరు పారాసిటమాల్ ద్రావణాలు ఉన్నాయనుకోండి. ఫార్మకోపియా లెక్క ప్రకారం 10 మైక్రోగ్రాముల ద్రావణం అబ్జార్బెన్స్ 0.715. అంటే 30 మైక్రోగ్రాములది 2.145 రావాలి. మన పరికరం మాత్రం 1.917 చూపించింది. అడుగున ఉన్న 5 మైక్రోగ్రాముల ద్రావణానికి 0.3575 రావాల్సిన చోట 0.355 వచ్చింది. కింద తేడా లేనట్టే, పైకి పోయేకొద్దీ గీత కుంగిపోతోంది.

పరికరంలో అంతకంటే వింతేమీ జరగలేదు. డిటెక్టర్ మీద పడాల్సింది 257 నానోమీటర్ల వెలుగు ఒక్కటే. కానీ లోపలి అద్దాల మీది దుమ్ము, పాతబడ్డ గ్రేటింగ్, నీరసించిన డ్యుటీరియం ల్యాంపు వల్ల వేరే రంగుల వెలుగు కూడా కొంచెం అక్కడికి చేరుతుంది. ల్యాబుల్లో దీన్ని స్ట్రే లైట్ అంటారు. ఈ దారితప్పిన వెలుగును మందు మింగదు. మన ఉదాహరణలో ఇది నూటికి అర వంతు మాత్రమే అనుకున్నాం.

అర వంతు ఏపాటిది అనిపిస్తుంది. 5 మైక్రోగ్రాముల ద్రావణం గుండా నూటికి 44 వంతుల వెలుగు బయటికొస్తుంది, దానికి అర వంతు కలిసినా తెలియదు. అదే 30 మైక్రోగ్రాముల ద్రావణం గుండా బయటికొచ్చేది నూటికి 0.72 వంతే. దానికి 0.5 కలిస్తే 1.22. వెలుగు దాదాపు ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగినట్టు డిటెక్టర్‌కు కనిపిస్తుంది, కాబట్టి ద్రావణం పలచగా ఉందని చెబుతుంది. సినిమా హాల్లో తలుపు ఓరగా తెరిచి ఉంటే తెర మీద పట్టపగటి సీను బాగానే కనిపిస్తుంది, అర్ధరాత్రి సీను మాత్రం ఎప్పటికీ నల్లబడదు. ఇక్కడా అంతే. ఎంత చిక్కటి ద్రావణం పెట్టినా ఈ పరికరం 2.3 దాటి చూపించలేదు.

ఇప్పుడు ఆ ఆరు చుక్కల మీదుగా కంప్యూటర్ చేత గీత గీయిస్తే R² = 0.996 వస్తుంది. 0.995 వస్తే చాలనుకునే ల్యాబులో ఈ రిపోర్టు పాసే. చూడటానికి కూడా గీత నిటారుగానే ఉంటుంది. ఆరు చుక్కలు 5 నుంచి 30 దాకా విస్తరించి ఉన్నప్పుడు, వంపు ఉన్నా R² పెద్దగా తగ్గదు. చుక్కలన్నీ కలిసి పైకి పోతున్నాయా అన్నదే అది ప్రధానంగా చూస్తుంది. నా మటుకు నాకు, R² ఒక్కటే చూసి గీతను నమ్మడం కంటే గ్రాఫు కాగితాన్ని కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని చూడటం మేలు.

అదే రిపోర్టులో ఇంకో రెండు అంకెలు నిజం చెబుతున్నాయి. మొదటిది, గీత నిలువు అక్షాన్ని తాకే చోటు. మందు లేకపోతే అబ్జార్బెన్స్ సున్నా ఉండాలి. ఈ గీత మాత్రం 0.076 దగ్గర తాకుతోంది. అంటే ఖాళీ ద్రావణంలో ఒక మైక్రోగ్రాముకు పైగా మందు ఉందని చెప్పినట్టే. రెండోది, ఒక్కో చుక్క గీతకు ఎంత పైన ఉంది, ఎంత కింద ఉంది అనే తేడా. 5 దగ్గర చుక్క గీతకు కింద ఉంది, 10 దగ్గర గీత మీదే ఉంది, 15, 20, 25 దగ్గర పైన ఉంది, 30 దగ్గర మళ్లీ కింద పడింది. పిపెట్ చెయ్యి వణికితే వచ్చే తప్పులు ఇలా వరుస కట్టవు, అటూ ఇటూ చెదిరిపోతాయి. తేడాలు విల్లులా వంగి కనిపించాయంటే అది చేతి తప్పు కాదు. కొత్త పద్ధతిని నిరూపించేటప్పుడు R ఒక్కటే కాకుండా వాలు, అక్షాన్ని తాకే చోటు, గ్రాఫు కూడా ఇవ్వాలని ఐసీహెచ్ మార్గదర్శకాలు అడిగేది ఇందుకే.

ఈ వంపు ఎవరి కొంప ముంచుతుందో చూడండి. ఫార్మకోపియా పద్ధతిలో బిళ్ల ద్రావణం చివరికి మిల్లీలీటరుకు 7.5 మైక్రోగ్రాముల దగ్గరికి వస్తుంది. బిళ్లలో 490 మిల్లీగ్రాముల మందు ఉంటే, అంటే నూటికి 98 వంతులుంటే, అది మంచి బిళ్లే. 95 నుంచి 105 దాకా అనుమతి ఉంది. కానీ మన వంగిన గీత మీద దాన్ని చదివితే 470 మిల్లీగ్రాములు వస్తుంది, అంటే 94 శాతం. మంచి బ్యాచ్ ఫెయిల్. తమాషా ఏమిటంటే పరికరం 7.5 దగ్గర దాదాపు సరిగ్గానే కొలిచింది. ఎక్కడో పైన 30 దగ్గర కుంగిన చుక్క గీత మొత్తాన్ని తనవైపు వాల్చుకుని, కిందున్న బిళ్లను దెబ్బకొట్టింది.

అందువల్ల మొదటి చికిత్స సులువైనది. 25, 30 చుక్కలను వదిలేసి 5 నుంచి 20 వరకే గీత గీస్తే R² 0.9998కి చేరుతుంది, 7.5 మైక్రోగ్రాముల ద్రావణం 7.50 అనే చదువుతుంది. అయితే ఇలా వదిలేయడానికి కారణం రిపోర్టులో రాయాలి. చుక్క నచ్చలేదని తుడిచేయడం వేరు, పరికరం ఆ ఎత్తుకు పనికిరాదని చూపించి పరిధి తగ్గించడం వేరు. కొందరు వంపుకు తగ్గట్టు వక్రరేఖనే అతికించేసి ఊరుకుంటారు. అది నాకు నచ్చని పని. ల్యాంపు ఇంకా నీరసించే కొద్దీ స్ట్రే లైట్ పెరుగుతుంది, నిన్నటి వక్రరేఖ రేపటికి పనికిరాదు.

ఇంతకీ అది స్ట్రే లైటేనని ఎలా తేల్చుకోవాలి? గీత వంగడానికి రసాయనం కూడా కారణం కావచ్చు, పారాసిటమాల్‌లోనే అందుకు చక్కటి ఉదాహరణ ఉంది. 257 దగ్గర బాగా వెలుగు మింగేది క్షారంలో ప్రోటాన్ పోగొట్టుకున్న పారాసిటమాల్. మామూలు నీటిలో ఉన్న పారాసిటమాల్ శిఖరం 243 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అందుకే పద్ధతిలో ఆఖరిసారి పలచబరిచేటప్పుడు ఫ్లాస్కులో మళ్లీ 10 మిల్లీలీటర్ల సోడియం హైడ్రాక్సైడ్ పోయమంటారు. ఆ అడుగు అనవసరమనుకుని ఉత్త నీళ్లతో నింపితే, ఎంత పలచబడితే క్షారం కూడా అంత తగ్గుతుంది. తక్కువ గాఢత ఉన్న ద్రావణాల్లో కొంత మందు నీటి రూపంలోకి జారిపోయి, 257 దగ్గర తక్కువ మింగుతుంది. అప్పుడు గీత పైకి వంగుతుంది. స్ట్రే లైట్ ఎప్పుడూ కిందికే వంచుతుంది, రసాయనం ఎటైనా వంచగలదు.

కాబట్టి కిందికి వంగిన గీత దగ్గర సందేహం మిగులుతుంది. దాన్ని తీర్చడానికి నాకు తెలిసిన అన్నిటికంటే తేలికైన పరీక్ష, సన్న క్యువెట్. మామూలు క్యువెట్ వెడల్పు ఒక సెంటీమీటరు, దాని బదులు 2 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ క్యువెట్ తీసుకోండి. అదే 30 మైక్రోగ్రాముల ద్రావణాన్ని, నీళ్లు కలపకుండా, దానిలో పోసి కొలవండి. వెలుగు దారి అయిదో వంతుకు తగ్గింది, గాఢత మాత్రం మారలేదు. మన పరికరం 0.425 చూపిస్తుంది. అయిదుతో హెచ్చిస్తే 2.127. రావాల్సిన 2.145కి చాలా దగ్గర, ఒక సెంటీమీటరు క్యువెట్ చూపిన 1.917కి చాలా దూరం. అంటే ద్రావణం నిర్దోషి, పరికరమే చీకటిని చూడలేకపోతోంది. తప్పు రసాయనంలో ఉంటే సన్న క్యువెట్ అంకెను అయిదుతో హెచ్చించినా పాత అంకే తిరిగి వచ్చేది, ఎందుకంటే ద్రావణంలోని అణువుల పరిస్థితి ఏమీ మారలేదు.

పరికరం మీద అనుమానం ఖాయమైతే ఫార్మకోపియా పరీక్ష ఉండనే ఉంది. లీటరుకు 12 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ద్రావణం 198 నానోమీటర్ల దగ్గర దాదాపు గోడ లాంటిది. దాని అబ్జార్బెన్స్ 2 కంటే తక్కువ చూపిందంటే లోపల దారితప్పిన వెలుగు ఎక్కువుందని అర్థం. 198 దగ్గర పాసైన పరికరం 257 దగ్గరా పాసేనని మాత్రం అనుకోకూడదు. పని చేస్తున్న తరంగదైర్ఘ్యం దగ్గరే, కావాలని బాగా చిక్కటి పారాసిటమాల్ ద్రావణం పెట్టి అంకె ఎక్కడ ఆగిపోతుందో చూస్తే సరిపోతుంది. 2.3 దగ్గర ఆగిందా, అర వంతు స్ట్రే లైట్ ఉన్నట్టు.

ఈ పరికరాల అబ్జార్బెన్స్ అంకెలు సరిగా ఉన్నాయో లేదో సరిచూడటానికి వాడే పొటాషియం డైక్రోమేట్ కూడా ఈ జబ్బుకు అతీతం కాదు. ఉత్త నీటిలో పలచబరిస్తే డైక్రోమేట్ విడిపోయి వేరే క్రోమియం అయానులుగా మారుతుంది, రంగు మారుతుంది, గీత వంగుతుంది. అందుకే దాన్ని పలుచని ఆమ్లంలో కరిగిస్తారు. ఆమ్లంలో కూడా ఆ మార్పు పూర్తిగా ఆగదు. అమెరికాలోని నిస్ట్ సంస్థ అమ్మే ప్రామాణిక డైక్రోమేట్ సర్టిఫికెట్‌లో అన్ని గాఢతలకూ కలిపి ఒకే అంకె ఇవ్వకుండా, ఒక్కో గాఢతకు విడివిడిగా విలువలు అచ్చువేస్తారు.