ఫీజు.. చెనక్కాయలు అమ్మాక!

అనంతపురం పల్లెల్లో ట్యూషన్ పెడుతున్నారా? బ్యాచ్‌కి 12 మంది చాలు. ఒక్కో నోట్‌బుక్ దిద్దడానికి 2 నిమిషాలు వేసుకున్నా 24 నిమిషాలు పోతాయి. 25 మందైతే గంటలో పాఠం చెప్పే టైమే ఉండదు.

రెండు బ్యాచ్‌లు, తలకు రూ.400 చొప్పున నెలకు రూ.9,600 వస్తాయనుకోండి. అద్దె, కరెంటుకు రూ.3,000 పోతే మిగిలేది రూ.6,600. ఐదుగురు మానేస్తే అందులో రూ.2,000 ఎగిరిపోతాయి.

చాలామంది మానేది పాఠం నచ్చక కాదు, బాకీ ఉండి మొహం చెల్లక. చెనక్కాయ విత్తేది జూన్, జులైల్లో. డబ్బు కనపడేది పంట అమ్మాకే. ఫీజు అడిగే వారంలోనే పిల్లాడు రావట్లేదంటే అనుమానించండి. అలాంటి ఇళ్ల నుంచి జులై-అక్టోబరు మధ్య నెలకు రూ.200 చొప్పున, మిగతా రూ.800 నవంబరులో తీసుకోండి. వానలు ఎగ్గొడితే కొన్ని కుటుంబాలు బెంగళూరుకు పనికి వెళ్లిపోతాయి, బాకీ రాదు. అందుకే ఈ వెసులుబాటు బ్యాచ్‌కి నలుగురికి మించి వద్దు.